నూట పన్నెండో గీతంలో మూడు సున్నలు

సమాజ గీతాల పుస్తకం ఎనిమిదో ముద్రణలో నూట పన్నెండో గీతానికి ఇకమీదట ఒకే బాణీ ఉండుననీ, తక్కిన బాణీలు గౌరవపూర్వకంగా మరచిపోబడుననీ ఇందుమూలంగా సభ్యులందరికీ తెలియజేయడమైనది. ఈ ప్రకటన నోటీసు బోర్డుకు ఎక్కిన రోజున, దాన్ని రాసిన పెద్దమనిషి బోర్డు ఎదుట నిలబడి నాలుగుసార్లు చదువుకున్నాడు. 'గౌరవపూర్వకంగా' అన్న మాట దగ్గర నాలుగుసార్లూ తల పంకించాడు.

ఆయన్ని అందరూ తక్కెడగారు అంటారు. ఎదురుగా ఉన్నప్పుడు 'గారు' ఉంటుంది, లేనప్పుడు ఉండదు. తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. కొట్లో తూకపు రాయిని అరచేతిలో ఒక్కసారి ఎగరేసి, ఎంత అరిగిందో చెప్పగల మనిషి. ఇంట్లో కూడా చాయ్ గ్లాసుల్లో మట్టం సమానంగా లేకపోతే ముట్టడు. సంగీతం రాదు. రాదని ఆయనకూ తెలుసు, అందువల్లే నిష్పక్షపాతంగా ఉండగలనని చెప్పి బాణీల సంఘానికి కన్వీనరు పదవి ఒప్పుకున్నాడు. మన సమాజంలో ఏ పనికైనా ఆ పని రానివాణ్ణి పెద్దగా పెట్టడం మొదటినుంచీ ఉన్న మంచి అలవాటే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

సంఘం అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. మన సమాజానికి నాలుగు శాఖలు. తీరం శాఖ, కొండ శాఖ, గనుల శాఖ, పట్నం శాఖ. నాలుగు చోట్లా నూట పన్నెండో గీతం ఒకటే. మాటలు ఇవి:

తెల్లవారక మునుపే నీ వాకిట నిలిచితిని
తలుపు తట్టక నేను నీ పిలుపుకై చూచితిని
చల్లని నీ మాటకై వేచి వేచి యుంటిని
అలసిన నా అడుగులకు ఆసరా నీవేయని నమ్మి నీ గడప విడువకుంటిని

మాటలు ఒకటే గానీ బాణీలు నాలుగు. ఎవరి మందిరంలో వాళ్ళు పాడుకున్నంతకాలం ఎవరికీ ఇబ్బంది లేదు. నాలుగు శాఖలూ కలిసి జరుపుకున్న మొదటి మహాసభలో, ఐకమత్యానికి గుర్తుగా అందరూ ఒక్కగొంతుతో ఈ గీతం పాడాలని అధ్యక్షులు కోరారు. కొండవాళ్ళు ముందు ముగించి కూర్చున్నారు. వాళ్ళు కూర్చునేసరికి గనులవాళ్ళు నాలుగో పాదంలో ఉన్నారు, తీరంవాళ్ళు మూడో పాదం సాగదీస్తున్నారు. పట్నంవాళ్ళు మూడో పాదంలోనే నోరు మూసుకుని నిలబడి ఉన్నారు. అధ్యక్షులు పాట అయిపోయిందనుకుని ఉపన్యాసానికి మూడుసార్లు లేచి, మూడుసార్లు కూర్చున్నారు. నాలుగోసారి లేవకుండా కూర్చునే మాట్లాడారు.

పట్నంవాళ్ళు నోరు మూసుకుని ఎందుకు నిలబడ్డారంటే, వాళ్ళ బాణీలో అక్కడ ఒక విరామం ఉంది. మూడో పాదం చివర 'వేచి వేచి యుం' అన్నాక పాట ఆగుతుంది. అందరూ ముందు బెంచీ అంచును కుడిచేత్తో పట్టుకుంటారు. మూడు మాత్రల సేపు మందిరంలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. తర్వాత 'టిని' అంటారు. పట్నంలో పుట్టిన పిల్లలకు మాటల కంటే ముందు ఆ బెంచీ పట్టుకోవడం వస్తుంది. తక్కెడగారికీ అలాగే వచ్చింది. వాళ్ళమ్మ పాతికేళ్ళపాటు ఆ మందిరంలో పాట ఎత్తుకునేది. ఆవిడ మొదటి మాట పాడితే తక్కినవాళ్ళు అందుకునేవారు. పట్నం బాణీని పాతవాళ్ళు ఇప్పటికీ 'అక్కగారి బాణీ' అంటారు. పుస్తకంలో ఆ బాణీయే రావాలని తక్కెడగారికి లోపల ఉంది. నిష్పక్షపాతంగా ఉంది.

సంఘంలో మరి ముగ్గురు. తీరం తరఫున రిటైరైన హెడ్మాస్టరు, ఆయనే సంఘానికి అధ్యక్షుడు. కొండ తరఫున హార్మోనియం టీచరమ్మ. నలుగురిలో సంగీతం తెలిసింది ఆవిడొక్కతే, కాబట్టి ఆవిడకు ఓటు తప్ప మాట లేదు. గనుల తరఫున ఒక మేస్త్రీ, పల్చటి మనిషి. మెట్లెక్కి గదిలోకి వచ్చాక కాసేపు మాట్లాడడు. ఊపిరి తిప్పుకున్నాక కూడా పెద్దగా మాట్లాడడు.

తక్కెడగారు మొదట పది నియమాలు రాశాడు. ప్రతి బాణీకీ ఇద్దరు గాయకుల పాట రికార్డు చేయాలి. వాళ్ళలో ఒకరికైనా డెబ్బై దాటి ఉండాలి. పక్కనుంచి ఎవరూ అందించరాదు. అన్నిటికంటే ఆయనకు నచ్చింది ఆరో నియమం: 'గాయకుల దగ్గు, తుమ్ము, బోసినోరు, ఊపిరి చాలకపోవుట మొదలగు శారీరక లోపములు బాణీలో భాగముగా పరిగణింపబడవు.' తూనికల శాఖలో పళ్ళేనికి అంటిన మట్టిని తుడిచాకే తూచాలన్న నియమం ఉంది. ఇదీ అదేనని ఆయన భార్యకు వివరించి చెప్పాడు. భార్య కూర తరుగుతూ విని, మనుషులకి మట్టి అంటినట్టా అని అడిగింది. స్త్రీలకు నియమాల నిర్మాణం అర్థం కాదని ఆయన తన పుస్తకంలో రాసుకున్నాడు.

రికార్డులు వచ్చాయి. వాటిని ఒకదాని పక్కన ఒకటి వినగానే తక్కెడగారు మొదటి నివేదిక సమర్పించాడు. కొండ బాణీ తీరం బాణీకంటే నాలుగు స్వరాలు ఎత్తులో ఉందనీ, ఎత్తైన ప్రదేశాల్లో నివసించడం ఇందుకు కారణం కావచ్చనీ అందులో రాశాడు. టీచరమ్మ విని, హార్మోనియం ముందు కూర్చుంది. పాడేవాళ్ళు ఎవరి గొంతుకు తగ్గ శ్రుతిలో వాళ్ళు మొదలుపెడతారనీ, ముందు అన్నిటినీ ఒకే షడ్జానికి తెచ్చి ఆ తర్వాత పోల్చాలనీ చెప్పింది. నాలుగు బాణీలనూ ఒకే శ్రుతికి దించి, పెద్ద కాగితం మీద పైన పాట మాటలు అక్షరం అక్షరంగా విడదీసి రాసి, ఒక్కో అక్షరం కింద నాలుగు వరసల్లో నలుగురి స్వరాలూ వేసింది. సాగదీసిన చోట కామా. పైస్థాయి స్వరానికి నెత్తిన చుక్క, కిందిస్థాయి దానికి పాదాన చుక్క. మాత్ర ఖాళీగా పోతే చిన్న సున్న.

ఆ కాగితం గోడకు అతికించాక పెద్ద ప్రమాదం జరిగింది. మొదటి రెండు పాదాల్లో తీరం వరసా కొండ వరసా అక్షరం పొల్లుపోకుండా ఒకటే అని తేలింది. తీరంవాళ్ళు నాలుగు మాత్రల నడకలో నింపాదిగా పాడతారు, కొండవాళ్ళు మూడు మాత్రల నడకలో గెంతుతూ పాడతారు. అంతే తేడా. కొండవాళ్ళది పాట కాదు పరుగుపందెమని తీరంలో నలభై ఏళ్ళుగా అనుకుంటున్నారు. తీరంవాళ్ళు పాడుతుంటే నిద్రొస్తుందని కొండమీద అనుకుంటున్నారు. రెండు శాఖలూ ఒక పాటనే పాడుతున్నాయన్న వార్త పొక్కితే ఏమవుతుందోనని హెడ్మాస్టరు కంగారుపడ్డాడు. తేడాలు వెతకమని టీచరమ్మకు ఆదేశం జారీ అయింది. ఆవిడ వారం రోజులు వెతికి, 'వాకిట' అన్న మాటలో తీరంవాళ్ళు ఒక గమకం, అంటే చిన్న ఊపు, ఎక్కువ వేస్తున్నారని కనిపెట్టింది. హెడ్మాస్టరు ప్రాణం కుదుటపడింది.

టీచరమ్మ అప్పుడే ఒక మాట అంది. సంఘం పెట్టాక ఆవిడ తన అభిప్రాయంగా చెప్పిన మొదటి మాట అది.

"నాలుగింట్లోనూ ఎముకలు ఒకటేనండీ. పాదం ఎత్తుకునే స్వరం, దిగి ఆగే స్వరం, నాలుగూ ఒకే చోట కలుస్తున్నాయి. ఆ ఎముకలు అచ్చువేద్దాం. ఊపులూ విరామాలూ ఎక్కడివాళ్ళకి వాళ్ళని వదిలేద్దాం."

ఎముకలు అచ్చువేయడం గ్రంథ గౌరవానికి భంగమని అధ్యక్షులు తీర్మానించారు.

తర్వాత ఐకమత్య బాణీ ప్రయత్నం జరిగింది. ఒక్కో శాఖకు ఒక్కో పాదం ఇస్తే ఎవరికీ కోపం రాదని హెడ్మాస్టరు ఆలోచన. మొదటి పాదం తీరం, రెండోది కొండ, మూడోది పట్నం, నాలుగోది గనులు. శ్రుతి కూడా ఎవరిది వాళ్ళకే ఉంచడంతో, రెండో పాదం చివర కొండవాళ్ళు పైస్థాయి మధ్యమంలో ఉంటారు, పట్నంవాళ్ళ మూడో పాదం కింది పంచమంలో మొదలవుతుంది. ఆ మధ్యలో మామూలు మనిషి గొంతు దూకలేదు. హెడ్మాస్టరు తానే దూకి చూపిస్తానని దూకాడు. రెండు రోజులు ఆయన సైగలతో సభ నడిపాడు. ఐకమత్య బాణీ చాలా గొప్పదనీ, మనుషులే దానికి తయారుగా లేరనీ మినిట్సులో రాసుకున్నారు.

గనుల బాణీ వంతు వచ్చింది. వాళ్ళ ఇద్దరు గాయకులూ నాలుగో పాదంలో 'ఆసరా' అన్నాక రెండు మాత్రలు ఆగారు. నాలుగో పాదం తక్కిన మూడింటికంటే పొడుగు. తక్కెడగారు స్టాప్‌వాచీతో చూసి, ఆ రెండు సున్నలూ రాయాలా వద్దా అని అడిగాడు. మేస్త్రీ నెమ్మదిగా చెప్పాడు.

"మా దగ్గర అందరూ అక్కడ ఆగుతారండీ. గనిలో దిగినోళ్ళకి ఆ పాదం ఒక్క గుక్కలో రాదు. దిగనోళ్ళు కూడా వాళ్ళతోపాటు ఆగుతారు."

తక్కెడగారికి జాలి వేసింది. కానీ నియమం నియమమే. ఊపిరి చాలకపోవుట అని ఆరో నియమంలో మాట మాటగా ఉంది. ఎర్రసిరాతో ఆ రెండు సున్నలూ కొట్టేసి పక్కన 'తుడవబడినది' అని రాశాడు. మేస్త్రీ ఆ ఎర్రగీతను కాసేపు చూసి, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

పట్నం బాణీలో మూడు సున్నల సంగతి వేరు. దాని మీద తక్కెడగారు పదకొండు పేజీల వ్యాసం చదివాడు. వ్యాసం పేరు 'నిరీక్షణ విరామము'. భక్తుడు వేచి వేచి ఉన్నానంటున్నాడు కదా, పాటే అక్కడ వేచి ఉంటుంది. బెంచీ పట్టుకోవడం గడపను పట్టుకోవడానికి గుర్తు. మూడు మాత్రలు నిన్న, నేడు, రేపు. మాటను మధ్యలో విరవడం వ్యాకరణానికి నొప్పి కదా అని హెడ్మాస్టరు మొదట అన్నాడు గానీ, ఏడో పేజీ దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తొమ్మిదో పేజీకి మెత్తబడిపోయాడు.

అయినా బాణీ నేర్పడానికి వీలుగా ఉందో లేదో పరీక్షించాలని టీచరమ్మ పట్టుబట్టింది. ఇదొక్కటీ ఆవిడ మాట చెల్లింది. ఈ పాట ఎన్నడూ వినని మనుషులు కావాలి. పుస్తకం అచ్చువేసే ప్రెస్సులో బైండింగు చేసే ఎనిమిదిమందిని పట్టుకున్నారు. రోజుకో బాణీ. టీచరమ్మ ఒక పాదం పాడడం, వాళ్ళు తిరిగి పాడడం, తప్పు లేకుండా పూర్తిగా పాడేదాకా ఎన్నిసార్లు పట్టిందో తక్కెడగారు గీతలు గీయడం. కొండ బాణీకి పదకొండుసార్లు, పైస్వరం అందక ఇద్దరు ఊరికే పెదాలాడించారు. తీరం బాణీకి తొమ్మిది. సున్నలు కొట్టేసిన గనుల బాణీకి పది, నాలుగో పాదం దగ్గర అందరూ ఎక్కడపడితే అక్కడ తెగిపోయారు. పట్నం బాణీ నాలుగుసార్లకే వచ్చేసింది. బైండింగువాళ్ళలో ఒకణ్ణి కారణం అడిగితే, మూడో పాదంలో ఆగుతాం కదండీ, ఆ సందులో నాలుగో పాదం ఎక్కడుందో పుస్తకంలో చూసుకుని ఊపిరి పీల్చుకుంటున్నాం అన్నాడు. తక్కెడగారు 'ఆధ్యాత్మిక ప్రయోజనము నిరూపితము' అని రాసుకున్నాడు.

పట్నం బాణీ ఏకగ్రీవంగా నెగ్గింది. తీర్మానాన్ని సభలో మూడుసార్లు చదివి ఆమోదించే మూడు పఠనాలూ అయ్యాయి. హెడ్మాస్టరు విరామాన్ని కీర్తిస్తూ పీఠిక రాశాడు. శాఖలకు ఉత్తర్వులు వెళ్ళాయి. తీరం మందిరంలో అందరూ నేలమీద కూర్చుంటారు. పట్టుకోవడానికి ముందు బెంచీ లేదు కాబట్టి వడ్రంగులను పిలిచి బెంచీలు చేయిస్తున్నారు. కొండమీద ఒకాయన బెంచీని ఏ వేళ్ళతో పట్టుకోవాలో వివరణ కోరుతూ ఉత్తరం రాశాడు. బొటనవేలు లోపలికి అని తక్కెడగారు జవాబు పంపాడు.

ఒక్క పని మిగిలింది. పట్నం బాణీకి డెబ్బై దాటిన సాక్షి సంతకం కావాలి. మొదట రికార్డు చేసిన ముసలాయనకు అరవై తొమ్మిదేనని జనన ధ్రువపత్రంలో తేలింది. తన నియమాన్ని తాను తప్పడం ఎలాగని తక్కెడగారు రికార్డరు సంచిలో వేసుకుని పిన్ని దగ్గరికి వెళ్ళాడు. పిన్ని అంటే వాళ్ళమ్మ చెల్లెలు. ఎనభై ఒకటి. పట్నానికి ఆ చివర, మేడమీద ఒక గదిలో ఉంటుంది. చొక్కాల కంపెనీలో కాజాలు కుట్టి రిటైరైంది. ఇప్పటికీ ఇరుగుపొరుగు బొత్తాలు తెచ్చిస్తే రంగులవారీగా డబ్బాల్లో వేస్తూ ఉంటుంది. మన్నిక చూడకుండా బొత్తాం కుట్టదని పేరు.

రికార్డరు ముందు పెట్టి పాడమంటే, పిన్ని చేతిలో పని ఆపకుండానే పాడింది. సన్నటి గొంతు, నిక్కచ్చిగా ఉంది. మూడో పాదం వచ్చింది. 'వేచి వేచి యుంటిని' అని ఆపకుండా పాడేసి నాలుగో పాదంలోకి వెళ్ళిపోయింది.

తక్కెడగారు మీట నొక్కి ఆపాడు. పిన్నీ, విరామం మరిచిపోయావన్నాడు. పిన్ని ఏ విరామం అంది. ఆయన బెంచీ పట్టుకున్నట్టు చేయి చూపించి, మూడు మాత్రలు లెక్కపెట్టి చూపించాడు. పిన్ని చేతిలోని బొత్తాన్ని డబ్బాలో వేసి ఆయన వంక చూసింది.

"అదా? అది పాటలో లేదురా. అక్కకి ఆయాసం కదా."

ఆయనకు అర్థం కాలేదు. పిన్ని వివరంగా చెప్పింది. పెళ్ళికి ముందు అక్క ఆ పాట ఏకధాటిగా పాడేది. నూలు మిల్లులో దూది ఏకే విభాగంలో చేరాక, నాలుగైదేళ్ళకి ఛాతీలో నూగు చేరింది. మెట్లెక్కితే ఆయాసం, వంగితే ఆయాసం. అయినా పాట ఎత్తుకోవడం మానలేదు. మూడో పాదం చివరికి వచ్చేసరికి గుక్క చాలక తెగిపోయేది. పడిపోకుండా ముందు బెంచీ పట్టుకునేది.

"మేమంతా ఆగేవాళ్ళం. ఆగకపోతే అక్క వెనకబడిపోతుంది కదురా. తను ఊపిరి పీల్చుకుని 'టిని' అనేదాకా ఆగేవాళ్ళం. ఒక్కోరోజు ఎక్కువసేపు, ఒక్కోరోజు తక్కువసేపు. తను ఒంటరిగా బెంచీ పట్టుకుంటే సిగ్గుపడుతుందని మేమూ పట్టుకునేవాళ్ళం. నువ్వు పక్కనే కూర్చునేవాడివిగా, నీకు తెలీదూ?"

తెలియదు. ఆయన పక్కనే కూర్చునేవాడు. బెంచీ అంచున బిగుసుకున్న అమ్మ చేతిమీద తన చేయి వేసేవాడు. అది ఆట అనుకునేవాడు. అరిగిన తూకపు రాయిని అరచేతిలోనే పసిగట్టగల మనిషికి, అదే అరచేతి కింద తల్లి చేయి వణకడం తెలియలేదు. పైగా దానిమీద పదకొండు పేజీలు రాశాడు. తక్కెడగారికి ఏడుపు వచ్చింది. పిన్ని ఓదార్చలేదు, ఒక డబ్బా మూత తీసి దాంట్లో ఉన్న జేబురుమాలు ఇచ్చి, మళ్ళీ బొత్తాలు ఏరుకుంది.

మరుసటి సమావేశంలో తక్కెడగారు లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆరో నియమం పైకి చదివాడు. దాని ప్రకారం తమ బాణీలో మూడు సున్నలూ కొట్టేయాలి. లేదా అవి ఉంచేటట్టయితే గనులవాళ్ళ రెండు సున్నలూ తిరిగి పెట్టాలి. రెంటిలో ఏది చేసినా తనకు సమ్మతమేనన్నాడు. టీచరమ్మ వెంటనే తలూపింది. మేస్త్రీ కిందకు చూస్తూ కూర్చున్నాడు. హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు.

"సోదర సభ్యులారా, సత్యం మన గుమ్మంలోకి వచ్చింది. సంతోషం. కానీ ఆలస్యంగా వచ్చింది. మూడో పఠనం తర్వాత వచ్చే సత్యాన్ని స్వీకరించే నిబంధన మన దగ్గర లేదు. పీఠిక అచ్చయింది. తీరంలో బెంచీలకు చిత్రిక పడుతున్నారు. కన్వీనరుగారి మాతృమూర్తిది ఆయాసమని ఎవరన్నారు? పదకొండు పేజీల వ్యాసం ఉన్నదాన్ని లోపమంటామా? అది సంప్రదాయం. ఇక గనులవారిది. దానికి వ్యాసం లేదు. వ్యాసం లేని విరామం ఊపిరాడకపోవడమే అవుతుంది."

మేస్త్రీ అప్పుడు తలెత్తాడు. "నిజమేలెండి," అన్నాడు. "మా దాంట్లో వ్యాసం రాసేంత ఊపిరి ఎవరికుంది."

తక్కెడగారు రాజీనామా చేసి ఉండవచ్చు. చేయలేదు. లోపలి పేజీలో కన్వీనరు అని అచ్చైపోయింది. పైగా అమ్మ ఊపిరి పుస్తకంలో నిలిచిపోతుందంటే మనసులో ఒక మూల సంతోషం కూడా కలిగింది. ఆ సంగతి ఇక్కడ దాచిపెడితే ఈ కథ చెప్పేవాడూ తూకంలో మోసం చేసినట్టే. మేస్త్రీకి గ్రూపు ఫోటోలో మధ్యన చోటిచ్చి గౌరవించారు.

రెండో మహాసభ నాటికి పుస్తకం వచ్చింది. మంచి కాగితం, గట్టి అట్ట. మూడువేలమంది. అందరి చేతుల్లోనూ నూట పన్నెండో గీతం తెరిచి ఉంది. మాటల మీద స్వరాలు, 'యుం' తర్వాత మూడు సున్నలు, అడుగున సూచన: 'ఇచ్చట మూడు మాత్రలు ఆగవలెను. కుడిచేత ముందు బెంచీ అంచు పట్టవలెను. బొటనవేలు లోపలికి.' వేదిక మీద తక్కెడగారు ఒక చేత్తో స్టాప్‌వాచీ పట్టుకుని, రెండో చేత్తో మాత్రలు వేస్తున్నాడు. ముందు వరసలో పిన్ని కూర్చుంది. కుడివైపు గనుల శాఖ, మేస్త్రీ చివర నిలబడ్డాడు.

మొదటి పాదం మూడువేల గొంతులూ ఒక్కటిగా పాడాయి. రెండోదీ అంతే. మూడో పాదం చివర అందరూ ఆగారు. మూడువేల కుడిచేతులు బెంచీలు పట్టుకున్నాయి. ఆ నిశ్శబ్దంలో తక్కెడగారికి అమ్మ ఊపిరి పీల్చుకోవడం వినిపించినట్టే అయింది. సరిగ్గా మూడు మాత్రలయ్యాయి. 'టిని' అని కప్పు అదిరింది. ఐకమత్యం సాధించబడింది.

నాలుగో పాదం. 'ఆసరా' దగ్గర గనుల వరసల్లో పాట తెగిపోయింది. మేస్త్రీ నోరు తెరుచుకునే ఉంది, గుక్క రావడం లేదు. పడిపోకుండా ముందు బెంచీ పట్టుకున్నాడు. అతని పక్కనా, వెనకా, అందరూ అలాగే పట్టుకున్నారు. బొటనవేళ్ళు ఎటున్నాయో చూసుకునే స్థితిలో లేరు.

తక్కెడగారు చూశాడు. ఈసారి చూశాడు. ఆగమని చేయి పైకెత్తాడు. స్టాప్‌వాచీ కింద పడేసి రెండు చేతులూ ఎత్తాడు. కానీ ఆయన వంక ఎవరూ చూడడం లేదు. అందరి కళ్ళూ ఆయన వేయించిన పుస్తకంలో ఉన్నాయి. పుస్తకంలో అక్కడ సున్నలు లేవు. తక్కిన మూడు శాఖలవాళ్ళూ శ్రుతి తప్పకుండా, లయ తప్పకుండా, 'నీ గడప విడువకుంటిని' అని ముగించి కూర్చున్నారు.

ఆ మూడు శాఖల్లో పిన్ని ఒక్కతే పాట ఆపి, మేస్త్రీ వంక చూస్తూ నిలబడి ఉంది. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి ఆవిడ పుస్తకం తెరవనేలేదు. మేస్త్రీకి ఊపిరి అందేదాకా ఆగి, అతనితో, గనులవాళ్ళతో కలిసి మిగిలిన సగం పాదం పాడి కూర్చుంది. మహాసభ నివేదికలో గీతాలాపన అపూర్వంగా జరిగిందనీ, ఒక వృద్ధురాలు, కొందరు గని కార్మికులు మాత్రం బాణీ సరిగా నేర్చుకోలేదనీ నమోదైంది.

ఎనిమిదో ముద్రణ ప్రతి మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. సున్నలు వేసి ఉన్నచోట తప్పక ఆగండి, మనది పద్ధతిగల సమాజం. సున్నలు లేనిచోట పక్కవాడి గొంతు ఆగిపోతే చూపు పుస్తకంలోనే ఉంచి పాడుతూ పోండి. ఇంతవరకూ అలాగే చేస్తున్నారు కాబట్టి కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు.